పాలతో వేసుకున్న మాత్ర ఎటు పోయింది?

మూత్రంలో మంటకి డాక్టర్ సిప్రోఫ్లాక్సాసిన్ రాశారు, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కడుపులో తిప్పుతుందేమోనని ఆమె గ్లాసుడు పాలతో వేసుకుంది. రక్తహీనతకి వాడే ఐరన్ మాత్ర కూడా పనిలో పనిగా అప్పుడే మింగేసింది. మూడు రోజులైనా మంట తగ్గలేదు.

మందు నకిలీది కాదు. పాలలోని కాల్షియం, మాత్రలోని ఐరన్ కడుపులోనే సిప్రోను పట్టుకుని ముద్దకట్టేస్తాయి. ఆ ముద్ద పేగు గోడ దాటి రక్తంలోకి పోలేదు, మలంతో బయటికి పోతుంది. డాక్సీసైక్లిన్‌దీ ఇదే బాధ. అమాక్సిసిలిన్‌కి మాత్రం పాలతో పేచీ లేదు.

సిప్రో వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి ఐరన్ వేసుకోవాలి. ఐరన్ ముందు పడితే సిప్రోకి ఆరు గంటలు ఆగాలి. ఆమె సిప్రో ఉదయం ఏడుకి, రాత్రి ఏడుకి అనుకుందాం. అప్పుడు తొమ్మిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య ఐరన్ వేసుకోవచ్చు. సిప్రోకి మంచినీళ్లే మేలు. పాలు తర్వాత తాగొచ్చు.

‘గ్యాస్ మందు’ అనే మాటతోనే అసలు చిక్కు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న తెల్లటి సిరప్‌కీ ఐరన్‌కి చెప్పిన ఎడమే పాటించాలి. పాంటాప్రజోల్ ఆ కోవలోది కాదు, సిప్రోను పట్టుకోదు. సీసా మీద ఏముందో మందుల షాపులో చదివించుకోవాలి.

మంట తగ్గని ఆమె డాక్టర్‌కి వేళలు కూడా చెప్పాలి. లేకపోతే క్రిమి మొండిదనుకుని ఆయన ఇంకో మందు రాసే అవకాశం ఉంది.