కుక్కల్లో కాలేయ వ్యాధి: పసుపు చిగుళ్ల నుంచి పథ్యం వరకు

కుక్క పై పెదవిని వేలితో పైకెత్తి చూడండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి. అవి పసుపుపచ్చగా కనిపిస్తే కామెర్లని అర్థం. కంటి తెల్లగుడ్డు, చెవి లోపలి చర్మం కూడా చూడండి. పుట్టుకతోనే నల్లటి చిగుళ్లున్న కుక్కల్లో వీటినే నమ్ముకోవాలి. ఈ పరీక్షను పగటి వెలుతురులో చేయాలి, ఎందుకంటే బల్బు కాంతిలో లేత పసుపు తెలియదు.

పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. కాలేయం దాన్ని పైత్యరసం ద్వారా పేగులోకి పంపుతుంది. ఆ పని కుంటుపడితే అది రక్తంలో పేరుకుపోతుంది. అయితే పసుపు కనిపించిన ప్రతిసారీ జబ్బు కాలేయానిదే అనుకోకండి. పిడుదుల వల్ల వచ్చే బెబీసియా వ్యాధిలో ఎర్ర రక్తకణాలు పెద్ద సంఖ్యలో పగిలిపోయి, కాలేయం బాగానే ఉన్నా కామెర్లు రావచ్చు. అప్పుడు చిగుళ్లు పసుపుతో పాటు బాగా పాలిపోయి కనిపిస్తాయి, రక్తపరీక్షలో ఎర్ర కణాల శాతం పడిపోయి ఉంటుంది. అందుకే పశువైద్యుడు ముందుగా ఆ శాతాన్నే చూస్తాడు.

కాలేయాన్ని నేరుగా దెబ్బతీసే కారణాల్లో ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్, మనుషుల పారాసిటమాల్ బిళ్లలు, బూజు పట్టిన ఆహారం ముఖ్యమైనవి. మూడోది మన ఇళ్లలో తేలికగా జరిగిపోయేది కాబట్టి దాన్నే ఒక ఉదాహరణతో చూద్దాం.

ఒక ఇంట్లో రెండు కుక్కలు ఉన్నాయనుకోండి. వానాకాలంలో చెమ్మ తగిలిన మొక్కజొన్న పిండి, వేరుశనగ చెక్క కలిపి ఉడికించి కొన్ని వారాలుగా పెడుతున్నారు. 20 కిలోల పెద్ద కుక్క తిండి మానేసింది, రెండు రోజులు వాంతులు చేసుకుంది. మూత్రం ముదురు నారింజ రంగులో, విరేచనం తారులా నల్లగా ఉంది. చిగుళ్లు పసుపుపచ్చగా మారాయి. పరీక్షల్లో ఎర్ర కణాలు దాదాపు మామూలుగానే ఉన్నాయి, కాలేయ ఎంజైములు, బిలిరుబిన్ పెరిగాయి, రక్తం గడ్డకట్టడానికి ఎక్కువ సమయం పడుతోంది. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను తయారుచేసేది కాలేయమే. విరేచనం నల్లబడటానికి కారణం లోపల జరుగుతున్న రక్తస్రావం. రెండో కుక్క హుషారుగానే ఉంది, కాని దాని ఎంజైములు కూడా పెరిగాయి. ఒకే తిండి తిన్న రెండింటికీ తేడా రావడం ఇక్కడ అసలు ఆధారం.

బూజు విడుదల చేసే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉడికించినా పోదు. పైన కనిపించే బూజును దులిపేసినా అది లోపల ఉంటుంది. అలాంటి పిండిని గేదెకు పెట్టడమూ తప్పే, విషం పాలలోకి చేరుతుంది. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఆ తిండి ఆపి, సెలైన్, విటమిన్ కె, కాలేయానికి ఆసరా ఇచ్చే మందులు వాడతారు. పసుపు బాగా కనిపించే దశకు వచ్చాక చికిత్స చేసినా కొన్ని కుక్కలు బతకవు.

ఇక పథ్యం. జబ్బు చేసిన కుక్కకు చాలామంది పెరుగన్నం మాత్రమే పెడతారు. ఇది పొరపాటు. దెబ్బతిన్న కాలేయం తిరిగి పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. అవి తగ్గితే రక్తంలో అల్బుమిన్ పడిపోయి పొట్టలో నీరు చేరవచ్చు. వాటిని తగ్గించాల్సింది ఒక్క సందర్భంలోనే: కుక్క దిక్కుతోచక తిరుగుతూ, గోడకు తల ఆనించి నిలబడుతూ ఉంటే. అమ్మోనియా మెదడును తాకుతోందనడానికి అది గుర్తు. అప్పుడు ఎంత పెట్టాలో వైద్యుడే నిర్ణయించాలి. మాంసం కంటే గుడ్డు, పనీరు దానికి నయం.

మన ఉదాహరణలోని కుక్కకు రోజుకు ఎంత కావాలి? బరువును 30తో గుణించి 70 కలపండి: 670 కేలరీలు. 200 గ్రాముల అన్నం, మూడు ఉడికించిన గుడ్లు, 60 గ్రాముల పనీరు, 50 గ్రాముల పెరుగు కలిస్తే సుమారు అంత వస్తుంది. దాన్ని నాలుగైదు సార్లుగా పెట్టండి. చాలా రోజులు పస్తున్న కుక్కకు మొదటి రోజు మూడో వంతు, రెండో రోజు రెండు వంతులు, మూడో రోజు మొత్తం ఇవ్వాలి. వాంతి అవుతుంటే బలవంతంగా నోట్లో కుక్కకూడదు, అప్పుడు వైద్యుడు ట్యూబు ద్వారా ఆహారం ఇస్తాడు. ఉల్లి, వెల్లుల్లి వేయకండి. పొట్టలో నీరు ఉంటే ఉప్పు పూర్తిగా మానండి.

ఈ ఇంటి పథ్యంలో కాల్షియం, కొన్ని విటమిన్లు చాలవు. కాబట్టి కొద్ది వారాలకే దీన్ని పరిమితం చేసి, ఆ తర్వాత ఏ ఆహారానికి మారాలో రక్తపరీక్షలు మళ్లీ చేయించి వైద్యుడితో నిర్ణయించుకోండి. చిగుళ్ల పసుపు తగ్గడానికి సమయం పడుతుంది. ఆకలి తిరిగి రావడం, విరేచనం రంగు మామూలుకు రావడం అంతకంటే ముందే కనిపించే గుర్తులు.