మూడో రాత్రి

రోజూ తాగే మనిషి రిమాండుకు వస్తే మద్యం ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రోజు చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. రెండో రోజు తర్వాత ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తాడు, ఎక్కడున్నాడో చెప్పలేడు. బ్యారక్‌లో వాళ్లు పిచ్చి అనుకుంటారు, వార్డర్ నటన అనుకుంటాడు. చెమటలు, జ్వరం, గుండెదడ కూడా ఉంటే అది నటన కాదు; వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

అందుకే జైల్లోకి వచ్చిన రోజు చేసే వైద్య పరీక్షలో, చివరిసారి ఎప్పుడు తాగావని మెడికల్ ఆఫీసర్ అడగాలి. ముందే తెలిస్తే డయాజిపామ్ లాంటి మందు, థయమిన్ ఇంజెక్షన్‌తో చాలామందిని జైలు ఆసుపత్రిలోనే గట్టెక్కించవచ్చు. హడావుడిలో ఆ ఒక్క ప్రశ్నే జారిపోతుంది. కేసు భయంతో ఖైదీ కూడా నిజం చెప్పడు.

మూర్ఛ వస్తే బయటి ఆసుపత్రికి పంపాల్సిందే. డాక్టరు రిఫరల్ రాసినా సరిపోదు, ఎస్కార్ట్ పోలీసులు రావాలి. ఆ రోజు వాళ్లు కోర్టు డ్యూటీలో ఉంటే అంబులెన్సు గేటు దగ్గరే ఆగుతుంది. తేరుకున్నాక కూడా అతన్ని ఒంటరి గదిలో ఉంచకూడదు. కొత్తగా వచ్చిన ఖైదీల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువగా ఉండేది ఈ తొలి రోజుల్లోనే.