దొంగల ముఠాకు నామకరణం

విరాటుడి కొలువులో చేరేముందు పాండవులు రెండు వరసల పేర్లు పెట్టుకున్నారు. కంకుడు, వలలుడు, బృహన్నల, దామగ్రంథి, తంత్రీపాలుడు అన్నవి ఊరందరికీ చెప్పే పేర్లు. జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అన్నవి అవసరం పడితే తమలో తాము పిలుచుకోవడానికి. రెండో వరస వింటే ఎవరు ఏ పనిలో దిట్టో ఎంతమాత్రం తెలియదు. మొదటి వరసలో దామగ్రంథి సంగతి వేరు. దామమంటే తాడు, గ్రంథి అంటే ముడి. గుర్రాలశాలలో చేరిన నకులుడి పేరది. వినగానే అదీ ఒక పేరే. పని తెలిశాక మాత్రం, అవును కదా అనిపిస్తుంది.

దోపిడీ కథ రాసే సినిమా రచయితల ముందు ఇప్పటికీ ఈ రెండు దారులే ఉన్నాయి. 1992లో వచ్చిన ‘రిజర్వాయర్ డాగ్స్’లో దొంగలకు రంగుల పేర్లు: మిస్టర్ వైట్, మిస్టర్ ఆరెంజ్, మిస్టర్ పింక్. 2017లో మొదలైన స్పానిష్ సిరీస్ ‘మనీ హైస్ట్’లో టోక్యో, బెర్లిన్, నైరోబీ అంటూ నగరాల పేర్లు. ఒకరు దొరికినా మిగతావాళ్ల అసలు పేర్లు బయటపడకూడదని పెట్టుకున్నవి ఇవి. ఇలాంటి జాబితా తయారుచేయడం తేలిక. పనిని సూచించాలి, కానీ ముందే చెప్పేయకూడదు అన్నప్పుడే కష్టం మొదలవుతుంది.

ముందే చెప్పేసే పేరుకు మన దగ్గర పాత ఉదాహరణ ఉంది. దండి రాసిన దశకుమారచరితలో కన్నాలు వేయడంలో ఆరితేరిన కుమారుడి పేరు అపహారవర్మ. పాత కథకు అది చెల్లింది. ఇవాళ తెరమీద ‘తాళాల తాతారావు’ అని పరిచయం చేస్తే, అతను తాళం తీసే సీన్లో ప్రేక్షకుడికి చూడటానికి ఏమీ మిగలదు. అందుకే తెలిసిన రచయితలు పనిముట్టు పేరు జోలికి పోరు, దానికి ఒక అడుగు దూరంలో వెతుకుతారు. ‘ఇన్సెప్షన్’లో (2010) కలల చిక్కుదారులు గీసే అమ్మాయి పేరు ఆరియాడ్నీ. గ్రీకు పురాణంలో చిక్కుదారిలోంచి బయటపడటానికి థీసియస్‌కు దారపుండ ఇచ్చిన రాకుమారి ఆమె. ‘ది ఇటాలియన్ జాబ్’లో (2003) పేలుడు సామగ్రి చూసుకునేవాణ్ని లెఫ్ట్ ఇయర్ అంటారు. చిన్నప్పుడు టపాసులతో ఆటలాడి కుడి చెవి వినికిడి పోగొట్టుకున్నాడు, మిగిలింది ఎడమది. ఆ పేరులో బాంబు లేదు, బాంబు మిగిల్చిన గుర్తు ఉంది.

ఇదే పద్ధతిని ఒక తెలుగు కథకు పెట్టి చూద్దాం. ఒక చిన్న పట్టణంలో గోల్డ్ లోన్ బ్రాంచి. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరు ఉద్యోగుల దగ్గర విడివిడిగా ఉంటాయి, ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. లోపలి మనిషి ఒక్కడు కలిసొచ్చినా తలుపు గుండా పోయే వీల్లేదు. కాబట్టి పక్క షాపు గోడ తొలవాలి, లోపలున్న సేఫ్‌ను నంబరు తిప్పి తెరవాలి, తెల్లారేలోపు జిల్లా దాటాలి.

గోడ పనివాడికి సుత్తి, సమ్మెట లాంటి పేర్లు పనికిరావు. పైగా సుత్తి అనగానే మనకు జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’, సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మన ఇంటిపేర్లలో ‘తాపీ’ ఉంది, తాపీ ధర్మారావుగారిది అదే. మన మనిషి తాపీ సూర్యనారాయణ. మొదటి సీన్లోనే ముఠాకు ఆలస్యంగా వస్తాడు, టీ తాగి గానీ మాట్లాడడు. “తాపీగారు వచ్చేశారండీ” అని పార్థు ఎగతాళి చేస్తాడు. నెమ్మది మనిషి కాబట్టి ఆ పిలుపు అనుకుంటాం. ఇంటర్వెల్ ముందు అతను గోడమీద అరచెయ్యి ఆనించి, ఎక్కడ ఇటుక, ఎక్కడ కాంక్రీటు అని చెప్పినప్పుడు తాపీమేస్త్రీ బయటికొస్తాడు. ఒకే మాట రెండు అర్థాల్లో పనిచేసింది. మొదటి అర్థం రెండోదాన్ని దాచిపెట్టింది.

సేఫ్ తెరిచే అమ్మాయి శ్రుతి. ప్రతి వీధిలో వినిపించే పేరు, ఎవరూ అనుమానించరు. సాధారణంగా ఇలాంటి సేఫ్ తాళంలో వంద అంకెల డయలు, దాని వెనుక మూడు చక్రాలు ఉంటాయి. లెక్కకు పది లక్షల కలయికలు. సినిమాల్లో స్టెతస్కోప్ పెట్టి వింటారు గానీ, నేర్పున్నవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది వేళ్లనే. డయలు తిరుగుతూ ఎక్కడ రవ్వంత తగులుతోందో పట్టి, కాగితం మీద రాసుకుంటూ పోతారు. వీణ నేర్చుకున్న పిల్లగా ఆమెను పరిచయం చేస్తే వేళ్లకూ పేరుకూ ఒకేసారి సమాధానం దొరుకుతుంది.

డ్రైవర్ పార్థు. అందరూ అలాగే పిలుస్తారు. పోలీసు స్టేషన్లో లైసెన్సు మీది పేరు పూర్తిగా చదివినప్పుడు గానీ పార్థసారథి అని తెలియదు. సూచన ఉన్నది పిలుపులో రాలిపోయిన సగంలో. ముద్దుపేరు ఉన్న భాషలో ఈ కిటుకు ఎప్పుడూ చేతికందుతుంది. బ్రాంచి లోపలి క్యాషియర్ గోపన్న. సర్కారు శిస్తు సొమ్ము గుడికి ఖర్చుపెట్టి గోల్కొండ చెరసాలకు వెళ్లిన కంచర్ల గోపన్న మనందరికీ తెలుసు. రామదాసు అని పెడితే గుట్టు రట్టవుతుంది, కంచర్ల అని చేర్చినా అంతే. ఒట్టి గోపన్న అంటే చాలు.

ఇక్కడ ఆగాలి. పేరు పెట్టేనాటికి కొడుకు దొంగ అవుతాడని ఏ తల్లిదండ్రులకూ తెలియదు. నలుగురి పేర్లూ నాలుగు పనులకు సరిపోతే, తెర వెనుక రచయిత కూర్చున్నాడని ప్రేక్షకుడు పసిగడతాడు. అందుకే ఐదోవాడికి తప్పుదారి పట్టించే పేరు కావాలి. చిచ్చుబుడ్డి బాబ్జీ అనగానే పేలుళ్లు ఇతనివే అనుకుంటాం. తీరా అతను వీధి చివర కాపలా కాసేవాడు, చిన్నప్పుడు దీపావళికి చెయ్యి కాల్చుకున్నాడంతే. అతని పేరు పటాటోపంలో మిగతా నాలుగూ మామూలు పేర్లుగా చెల్లిపోతాయి.

పేర్లు ఇంకో రెండు చోట్ల బెడిసికొడతాయి. ఒకటి, కాగితం మీద. సూర్యం, సారథి, శ్రుతి, సుబ్బు అని పెడితే స్క్రిప్టు చదివే నిర్మాతకు పదో పేజీకి ఎవరు ఎవరో తెలియదు. తాపీ, శ్రుతి, పార్థు, గోపన్న, బాబ్జీ అంటే మొదటి అక్షరాలే వేరు, గుసగుసగా అన్నా కలిసిపోవు. రెండోది, డబ్బింగులో. పార్థసారథి తమిళంలోకి, కన్నడంలోకి చెక్కుచెదరకుండా వెళ్తాడు. తాపీ హిందీకి వెళ్తే ఒక నది పేరై ఊరుకుంటుంది. ఐదు భాషల్లో విడుదల అనుకున్న కథకు ఆ పాత్ర పేరు మళ్లీ వెతుక్కోవాల్సిందే.

జాబితా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి కథ తెలియని స్నేహితుడికి పేర్లు మాత్రం చూపించి, ఎవరిది ఏ పనో చెప్పమనాలి. ముగ్గురిని సరిగ్గా చెప్పేస్తే పేర్లు మరీ బాహాటంగా ఉన్నట్టు. ఆ తర్వాత స్క్రిప్టు మొత్తం చదివించాలి. చదివాక కూడా ఒక్క పేరు దగ్గరైనా వెనక్కి తిరిగి నవ్వుకోకపోతే, సూచన మరీ లోతుకు పోయినట్టు. ఒక్కడే దొరికి, అదీ బాబ్జీ విషయంలో తప్పు చెబితే ఇక షూటింగుకు పోవచ్చు.