మేడ మీద గదికి ఎన్ని రోజులు?

మేడ మీద ఒక గది వేయించాలంటే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే, మేస్త్రీ "రెండు నెలలు వేసుకోండి సార్" అంటాడు. లెక్కగట్టి చెప్పిన మాట కాకపోయినా నిజానికి దగ్గరగానే ఉంటుంది. చిక్కల్లా ఆ తర్వాతి ప్రశ్నతో వస్తుంది. ఆ రెండు నెలల్లో ఏ పని ఒక రోజు ఆలస్యమైతే గృహప్రవేశం ఒక రోజు వెనక్కి పోతుంది? ఏ పని వారం ఆలస్యమైనా ఏమీ కాదు? అమెరికాలో డూపాంట్ రసాయనాల కంపెనీకి చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ ర్యాండ్ కంపెనీ గణితజ్ఞుడు జేమ్స్ కెల్లీ 1957లో ఇలాంటి ప్రశ్ననే పట్టుకున్నారు. అదనంగా డబ్బు పెట్టి తొందరపెట్టాలంటే ఏ పనిని తొందరపెట్టాలన్నది వాళ్ల సమస్య. ఆ వెతుకులాటలో పుట్టిన పద్ధతే క్రిటికల్ పాత్. దాన్ని చూడటానికి రసాయన కర్మాగారం అక్కర్లేదు, పన్నెండడుగులకు పద్నాలుగడుగుల గది చాలు.

ముందు పనుల గొలుసు కట్టాలి. ప్రతి పనినీ ఒకటే అడగాలి: ఇది మొదలవ్వాలంటే ఏది అయ్యుండాలి? గోడలకు 8 రోజులు. గోడలు లేవందే సెంట్రింగ్ లేదు, దానికి 3 రోజులు. కడ్డీలు కట్టి, స్లాబులో కరెంటు పైపులు పరచడానికి 2 రోజులు. కడ్డీలను కొలిచి, కోసి, వంచే పని కిందే జరుగుతుంది కాబట్టి సెంట్రింగ్ చివరి రోజునే అది మొదలుపెట్టొచ్చు. పరచి కట్టడం మాత్రం సెంట్రింగ్ పూర్తయ్యాకే. అలా 12వ రోజు సాయంత్రానికి అన్నీ సిద్ధం, 13వ రోజు స్లాబు.

ఆ తర్వాత 14 రోజులు నీళ్లు పట్టి ఊరుకోవడమే. నాలుగున్నర మీటర్లు దాటని స్లాబుకు మామూలు సిమెంటుతో 7 రోజులకే ఊతకర్రలు తీయవచ్చని మన ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. కానీ ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన పీపీసీ సిమెంటు నిదానంగా గట్టిపడుతుంది. అందుకే మన లెక్కలో 14 వేసుకుందాం. 27వ రోజుకు ఆ గడువు తీరుతుంది, 28న సెంట్రింగ్ విప్పుతారు.

అక్కడినుంచి ఎలక్ట్రీషియన్ గోడల్లో గాడులు కొట్టి పైపులు పెట్టడానికి 4 రోజులు, లోపలి ప్లాస్టరింగుకు 6 రోజులు. ఒకటి పూర్తిగా ముగిశాకే రెండోది అనుకుంటే పది రోజులవుతాయి. కానీ రెండు గోడల పైపులు అయిపోతే తాపీవాళ్లు ఆ గోడల మీదికి దిగొచ్చు, అంటే ఎలక్ట్రీషియన్ మొదలుపెట్టిన 2 రోజులకు ప్లాస్టరింగు మొదలు. అప్పుడది 36వ రోజుకు ముగుస్తుంది. తడిపి, ఆరనివ్వడానికి మరో 14 రోజులు, పుట్టీకి, రంగులకు 4 రోజులు. మొత్తం 54.

ఇందులో 28 రోజులు, అంటే సగానికి పైగా, ఈ దారిలో నీళ్లు పట్టడం తప్ప ఎవరూ ఏమీ చెయ్యరు. సైటు మీద మనిషి కనబడకపోతే యజమాని కంగారుపడతాడు గానీ, ఈ పనిలో అతి పొడవైన దారి, అంటే క్రిటికల్ పాత్, ఎక్కువగా నడిచేది మనుషుల మీద కాదు, సిమెంటు ఆరే వేగం మీద.

ఒక పని మీద మరో పని ఎక్కిన చోటే చాలామంది లెక్క తప్పుతారు. "ఎలక్ట్రీషియన్ మొదలైన 2 రోజులకు ప్లాస్టరింగు" అని ఒక్క ముడి వేసి వదిలేశామనుకోండి. ఎలక్ట్రీషియన్ మధ్యలో వేరే పనికి పోయి, 4 రోజుల పనిని 7 రోజులు లాగాడు. మన కాగితం ఏమంటుంది? ప్లాస్టరింగు 36కే అయిపోతుందంటుంది, ఎందుకంటే అది చూసేది మొదలును మాత్రమే. నిజానికి చివరి గోడ గాడులు 35వ రోజున ముగిస్తే, ఆ గోడకు పూత వేయడానికి ఇంకో 2 రోజులు కావాలి. అంటే 37. కాబట్టి రెండు ముడులు వేయాలి: మొదలుకు మొదలు, చివరకు చివర. ప్లాస్టరింగు ముగియాలంటే గాడులు ముగిసి కనీసం 2 రోజులు కావాలన్నది ఆ రెండో ముడి.

ఈ రెండు ముడులూ ఉంటే మరో విషయం బయటపడుతుంది. ఎలక్ట్రీషియన్ పనిలో మొదటి రెండు రోజులే కీలకం. వాటిలో ఒక రోజు జారితే ఇల్లు ఒక రోజు జారుతుంది. మిగతా రెండు రోజుల పనికి మాత్రం 2 రోజుల వెసులుబాటుంది. పని మొత్తాన్ని క్రిటికల్ అని ఎర్ర పెన్సిలుతో గీసేస్తే ఈ తేడా కనబడదు.

ఇంకో మాట. "సెంట్రింగ్ విప్పాకే గాడులు" అన్నది నిజంగా ముడేనా, అలవాటా? ఊతకర్రల మధ్య పని ఇరుకే గానీ అసాధ్యం కాదు. స్లాబు పచ్చిగా ఉన్న తొలి వారం సుత్తిదెబ్బలు వద్దనుకుని 20వ రోజు తర్వాత కోత మిషనుతో చేయించుకుంటే, 28కి తాపీవాళ్లకు గోడలు సిద్ధంగా ఉంటాయి. ప్లాస్టరింగు 34కి, ఇల్లు 52కి పూర్తవుతాయి. పైసా అదనపు ఖర్చు లేకుండా రెండు రోజులు తగ్గాయి. ఇదే రెండు రోజుల కోసం గోడలకు ఇంకో జట్టును పెట్టడం కంటే ఇది నయం.

వెసులుబాటు కనిపెట్టడానికి చివరినుంచి వెనక్కి లెక్కపెట్టాలి. బయటి గోడల ప్లాస్టరింగు తీసుకోండి, 5 రోజుల పని. స్లాబు పడ్డాక, అంటే 13 తర్వాత ఎప్పుడైనా చేయొచ్చు. ఈ 52 రోజుల లెక్క ప్రకారం లోపలితో పాటే 48 దాటాక దానికీ రంగులు వేయాలంటే, ఆరడానికి 14 రోజులు తీసేస్తే, 34కి ముగియాలి. త్వరగా ముగిసేది 18కి. కాగితం మీద 16 రోజుల వెసులుబాటు. కానీ లోపలి ప్లాస్టరింగుకు దిగేదీ ఇదే జట్టు కాబట్టి 28కి వాళ్లు ఖాళీ అవ్వాలి. అసలు వెసులుబాటు 10 రోజులే. బొమ్మలో బాణాలు మనుషుల కొరతను చూపించవు. ఆ బాణం మనమే చేత్తో గీసుకోవాలి.

కిటికీలదీ అలాగే చూడాలి. గోడలు లేచాక కొలతలు తీసుకుంటే 20 రోజుల్లో ఇస్తానని వడ్రంగి మాట, అంటే 28కి. బిగించడానికి 1 రోజు, అదీ 48వ రోజుకల్లా, రంగులకు ముందే ముగియాలి. అంటే 47కి చేతికొస్తే చాలు, 19 రోజుల సందు. ఇంత సందు ఉందని కిటికీల సంగతి అందరూ మరచిపోతారు. ఆ 20 రోజులు 40 అయితే కిటికీలు 48కి వస్తాయి, బిగించేసరికి 49, ఇల్లు 53. అప్పటిదాకా లెక్కలో లేని వడ్రంగి ఆ రోజునుంచి క్రిటికల్ పాత్ మీదికొచ్చాడన్నమాట. ప్లాస్టరింగు దారి అప్పుడు ఒక రోజు సందుతో పక్కకు తప్పుకుంటుంది.

అందుకే మొదటి రోజు గీసిన బొమ్మను గోడకు అంటించి వదిలేయకూడదు. ఆదివారం ఆదివారం జరిగిన పనికి అసలు రోజులు వేసి, మిగతాదానికి ముడులతో మళ్లీ లెక్కపెట్టుకోవాలి. సందు మూడు నాలుగు రోజులకు పడిపోయిన పని ఏదైనా ఉంటే, ఆ వారం ఫోను చేయాల్సింది ఆ పనివాడికే.