చుక్కల్లో ఆగిన క్రియ

తెలుగు వాక్యంలో అసలు సంగతి సాధారణంగా చివరన వచ్చే క్రియలో ఉంటుంది. ‘నాన్న ఇచ్చిన ఫీజు డబ్బులు...’ అని సందేశం ఆగిపోతే, విషయం డబ్బుల గురించని తెలుస్తుంది గానీ, అవి కట్టారో పోగొట్టారో వాడేసుకున్నారో తెలియదు. రాయడానికి చెయ్యి రానిది ఆ ఒక్క మాటే. చుక్కలు దాని చోటులో కూర్చుంటాయి. ఎదురుగా ఉన్నప్పుడు నసుగుడూ, దించుకున్న చూపూ చేసే పని ఫోన్లో వీటిమీద పడుతుంది.

అయితే చుక్క కనబడ్డ ప్రతిచోటా సంకోచం ఉండదు. ‘పాలు తీసుకురా... రేపు పిన్ని వస్తోంది... గడియ పెట్టుకో...’ అని రాసే పెద్దవాళ్లకు అవి కామాకు, ఫుల్‌స్టాప్‌కు బదులు మాత్రమే. భాషాశాస్త్రవేత్త గ్రెచెన్ మెక్‌కలక్ 2019లో వచ్చిన ‘బికాజ్ ఇంటర్నెట్’ పుస్తకంలో ఇంగ్లీషు రాసేవారిలో ఈ తరాల తేడానే వివరించారు. తేల్చుకోవాలంటే ఆ మనిషి పాత సందేశాలు చూస్తే చాలు. ఎన్నడూ చుక్కలు పెట్టని మనిషి పెడితేనే ఆగి చూడాలి. ‘అంటే...’, ‘అనుకున్నా గానీ...’ లాంటి మాటలు తోడైతే అనుమానం బలపడుతుంది.

హాస్టల్లో ఉన్న తమ్ముడు రాత్రి పదకొండింటికి ‘అక్కా... పడుకున్నావా...’ అని రాశాడనుకుందాం. ‘ఏమైంది???’ అంటే బెదురుతాడు. ‘లేదురా, మెలకువగానే ఉన్నా. చెప్పు’ అంటే ఫీజు డబ్బుల ముక్క బయటికొస్తుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: క్రియను తామే పూరిస్తారు. ‘పోగొట్టావా?’ అని అడిగితే ‘ఆఁ’ అనేయడం వాడికి సులువు. స్నేహితుడికి అప్పిచ్చిన నిజం ఆ ‘ఆఁ’ వెనక దాక్కుంటుంది. అందుకే అక్క వాడి మాటనే పట్టుకుని ‘ఫీజు డబ్బులు... ఊఁ. ఎలా వస్తే అలా రాయి, చదువుతున్నా’ అని ఆగాలి. ‘టైపింగ్’ అని కనబడి మాయమవుతున్నంతసేపూ ఇంకో సందేశం పంపకపోవడం మేలు. అది వస్తే వాడు సగం రాసింది చెరిపేస్తాడు.

‘ఏం లేదులే...’ అని వెనక్కి తగ్గితే వెంటపడకూడదు, అలాగని ‘సరే’తో వదిలేయనూ కూడదు. ‘రేపు టిఫిన్ చేశాక ఫోన్ చేస్తా’ అని వేళ చెప్పాలి, ఆ వేళకు చెయ్యాలి. ఫోన్లో మాట సాగుతుందో లేదో వాడి ఇష్టం.

ఈ నెమ్మది పనికిరాని సందర్భం ఒకటుంది. ‘ఇంక నేను ఉండి...’ అని ఆగిన వాక్యాన్ని ఎదురుచూస్తూ వదలకూడదు. వెంటనే ఫోన్ చేసి, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే దగ్గరున్నవాళ్లను తోడుగా పంపాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలిమానస్ సేవ నంబరు 14416. రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.