‘అది మా స్కోప్‌లో లేదు సార్’

జిల్లా కేంద్రంలో ఓ మోస్తరు ఆసుపత్రి ఎమ్మారై స్కాన్ పెట్టాలనుకుంది అనుకుందాం. యంత్రాన్ని ఎంచుకున్నారు, బ్యాంకు రుణం వచ్చింది, అడ్వాన్సు కట్టారు. మిగతాదంతా కంపెనీవాళ్లే చూసుకుంటారని యాజమాన్యం ధీమాగా ఉంటుంది. కంపెనీ ఇచ్చేది మాత్రం యంత్రమూ, అది పెట్టే గది ఎలా ఉండాలో చెప్పే డ్రాయింగులూ. గది కట్టేది సివిల్ కాంట్రాక్టరు. లోపల గోడలకూ నేలకూ కప్పుకూ రాగిరేకు తొడిగే ఆర్‌ఎఫ్ కేజ్ వాళ్లు వేరు. చిల్లరూ ఏసీలూ ఒకరివి, కరెంటు పని ఇంకొకరిది, ఆక్సిజన్ పైపులైను మరొకరిది. లారీ మీది నుంచి నాలుగైదు టన్నుల అయస్కాంతాన్ని దించి గదిలోకి చేర్చే క్రేన్ వాళ్లు వీళ్లెవరికీ సంబంధం లేనివాళ్లు. ఏడుగురికి ఏడు కొటేషన్లు. ఒకరి కొటేషన్‌లో ఏముందో మరొకరికి తెలియదు.

ఈ ఏడుగురినీ పని మొదలు కాకముందే ఒక గదిలో కూర్చోబెట్టడాన్నే కిక్‌ఆఫ్ మీటింగ్ అంటారు. చాలాచోట్ల ఇది పరిచయాలతో, టీ బిస్కెట్లతో ముగిసిపోతుంది. ‘అన్నీ టైముకు అయిపోతాయి సార్’ అని అందరూ చెప్పి వెళ్తారు. ఆ మాట రాబట్టడానికైతే మీటింగే అక్కర్లేదు, ఫోను చాలు. అక్కడ తేల్చాల్సింది వేరే ఉంది. ఒకరి పని ఎక్కడ ఆగుతుంది, తర్వాతివాడి పని ఎక్కడ మొదలవుతుంది, ఆ రెంటి మధ్య ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది ఏమిటి? పనులు చెడేది ఎక్కువగా ఆ మధ్యలోనే.

ఉదాహరణకు క్వెంచ్ పైపు. ఎమ్మారై అయస్కాంతం పనిచేయాలంటే దాని తీగచుట్టలు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండాలి. చాలా యంత్రాల్లో అందుకోసం వందల లీటర్ల ద్రవ హీలియం ఉంటుంది. ఎప్పుడైనా ఆ చలి తప్పితే హీలియం ఒక్కసారిగా ఆవిరై ఏడు వందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. అది భవనం బయటికి పోవడానికే ఈ పైపు. ఇది మూసుకుపోయినా, ఊడిపోయినా హీలియం గదిలోకి చేరి ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది. ఒత్తిడి పెరిగిందంటే లోపలికి తెరుచుకునే తలుపును లాగినా రాదు. ఇంత ముఖ్యమైన పైపు ఎవరిదని మీటింగ్‌లో అడిగి చూడండి.

“మాగ్నెట్ మీదున్న ఫ్లాంజ్ వరకే మాది” అంటాడు కంపెనీ ఇంజినీరు.

“కేజ్ దాటించేదాకా మేం చూసుకుంటాం సార్” అంటారు కేజ్ వాళ్లు.

“పైపులు నా కొటేషన్‌లో లేవు” అని సివిల్ కాంట్రాక్టరు తేల్చేస్తాడు.

అంటే కేజ్ నుంచి డాబా మీదిదాకా ఉన్న పైపుకు దిక్కు లేదన్నమాట. ఈ సంగతి ఆ రోజు బయటపడితే ఒక స్టీలు ఫ్యాబ్రికేటర్‌ను పిలిస్తే సరిపోతుంది. అయస్కాంతం వచ్చి గుమ్మంలో నిలబడ్డాక బయటపడితే ఆసుపత్రి చేతిలో బేరమాడే శక్తి ఉండదు. పైపు ఎవరిదో తేలితేనే సరిపోదు. దాని వ్యాసం ఎంతుండాలనేది పొడవు మీదా, వంపుల మీదా ఆధారపడుతుంది. దారికి ఒక బీము అడ్డొచ్చి రెండు వంపులు పెరిగాయంటే లెక్క మళ్లీ కట్టాలి. అందుకని సివిల్ కాంట్రాక్టరు బీముల డ్రాయింగు తేవాలి, కంపెనీ ఇంజినీరు వ్యాసం లెక్క తేవాలి, రెండూ ఒకే బల్ల మీద పరచి చూడాలి. పైపు చివర మనుషులు తిరిగేచోటికీ, కిటికీలకూ, ఏసీ గాలి పీల్చుకునే చోటికీ దూరంగా ఉండాలి. వాన పడకుండా, పక్షులు గూడు పెట్టకుండా ఏర్పాటు ఉండాలి. ఆ జాలీ కూడా ఎవరిదో రాసుకోవాల్సిందే.

కరెంటువాళ్లకూ కేజ్ వాళ్లకూ మధ్య ఉండే పేచీ ఇంకో రకం. 1.5 టెస్లా యంత్రం శరీరం నుంచి వినే సంకేతాలు దాదాపు 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, అవి చాలా బలహీనం. బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా ఆపేందుకే రాగి కేజ్. దాంట్లోకి వెళ్లే ప్రతి తీగా ఫిల్టరు గుండా, ప్రతి గొట్టమూ దానికోసం పెట్టిన ప్రత్యేకమైన నాళం గుండా వెళ్లాలి. లైట్లు ఎన్ని, ప్లగ్గులు ఎన్ని, కెమెరా ఉందా లేదా అన్నది ఎలక్ట్రీషియన్ ముందే చెబితే కేజ్ వాళ్లు ఆ లెక్కన ఫిల్టర్లు తెప్పిస్తారు. చెప్పకపోతే చివర్లో ఎవరో డ్రిల్లుతో ఒక బెజ్జం వేసి వైరు లాగేస్తారు. పైకి ఏమీ కనిపించదు. స్కాన్ బొమ్మల మీద సన్నటి గీతలు పడినప్పుడు తెలుస్తుంది. అందుకే కేజ్ పూర్తయ్యాక ఒకసారి, అయస్కాంతం లోపలికి చేరి ఆ దారి మూశాక మరోసారి పరీక్ష చేయించి రిపోర్టు ఇచ్చే బాధ్యత ఎవరిదో మొదటిరోజే రాయించుకోవాలి.

ఆక్సిజన్ పైపులైను వాళ్లను చాలామంది పిలవరు. చిన్న పని కదా అనుకుంటారు. 2018 జనవరిలో ముంబయిలోని ఒక మున్సిపల్ ఆసుపత్రిలో రోగి బంధువొకరు ఆక్సిజన్ సిలిండరుతో ఎమ్మారై గదిలోకి వెళ్లారు. అయస్కాంతం సిలిండరును లాగేసింది, ఆయన ప్రాణం పోయింది. గదిలోనే గోడకు ఆక్సిజన్ అవుట్‌లెట్ ఉంటే సిలిండరు తెచ్చే అవసరం తగ్గుతుంది. ఆ గొట్టం కేజ్‌లోంచి రావాలంటే దానికి నాళం కావాలి. కేజ్ బిగించాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక తేదీలు. వీటిని మొదటినుంచి ముందుకు లెక్కపెట్టడం పొరపాటు. అయస్కాంతం వచ్చే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఎందుకంటే అది చాలావరకు హీలియంతోనే వస్తుంది. దాన్ని చల్లగా ఉంచే కంప్రెసరు ప్రయాణంలో ఆగి ఉంటుంది కాబట్టి హీలియం కొద్దికొద్దిగా తరుగుతూ ఉంటుంది. దించిన వెంటనే కంప్రెసరు తిరగాలి, దానికి చల్లని నీళ్లు కావాలి, అంటే చిల్లర్ సిద్ధంగా ఉండాలి, చిల్లర్‌కు కరెంటు ఉండాలి, కరెంటు పోతే జనరేటరు మోయాలి. ఆసుపత్రిలో ఉన్న పాత జనరేటరును ఆపరేషన్ థియేటరుకూ వార్డులకూ చూసి కొని ఉంటారు. ఇరవై నాలుగు గంటలూ తిరిగే ఈ కొత్త బరువును అది మోస్తుందో లేదో తేలాలంటే చిల్లర్ వాళ్లు స్టార్టింగ్ కరెంటు ఎంతో రాసి తేవాలి, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు మొత్తం లోడు లెక్క తేవాలి.

క్రేన్ వాళ్లు కూడా ముందే వచ్చి దారి చూసి వెళ్లాలి. గేటు వెడల్పు, పైన వేలాడే కరెంటు తీగలు, కింద నేలలో దాగిన సెప్టిక్ ట్యాంకు, అన్నీ చూడాలి. గది గోడలో అయస్కాంతం పట్టేంత ఖాళీ వదలాలని సివిల్ కాంట్రాక్టరుకూ, అదే వైపు ఒక పలక విప్పదీసేలా ఉంచాలని కేజ్ వాళ్లకూ అప్పుడే చెప్పాలి. ఉత్సాహం కొద్దీ గోడ మొత్తం కట్టేసి, ప్లాస్టరు చేసి, రంగు కూడా వేసేసిన మేస్త్రీలున్నారు.

మీటింగ్‌కు ఎవరు రావాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అమ్మకాల మనిషి వస్తే అన్నిటికీ తల ఊపుతాడు. పని దగ్గర నిలబడే ఇంజినీరు వస్తే అడ్డుచెబుతాడు, మనకు కావాల్సింది ఆ అడ్డే. డ్రాయింగులు వారం ముందు పంపాలి, అందరి చేతిలో ఉన్నది ఒకే రివిజన్ నంబరేనా అని మొదట చూసుకోవాలి. ప్రతి ఒక్కరూ నేను చేసేది, నా పని ఆగే చోటు, నాకు ఎవరి దగ్గర్నుంచి ఏ తేదీకి ఏం కావాలి అన్న మూడు సంగతులు మిగతావాళ్లు వింటుండగా చెప్పాలి. ఆసుపత్రి తరఫున ఒకే మనిషి అవన్నీ రాసి, అక్కడే సంతకాలు పెట్టించాలి. ఆ మనిషి పెద్ద డాక్టరుగారు కాకపోవడం మేలు. ఆయన్ను మధ్యలో ఆపరేషన్‌కు పిలుస్తారు.

ఆసుపత్రి పెట్టేవాళ్లకు చెప్పేది ఒక్కటే. క్వెంచ్ పైపు పక్కన ఒక పేరు, చిల్లర్ తిరిగిందన్న రిపోర్టు, కేజ్ పరీక్ష కాగితం, ఈ మూడూ చేతికి అందేదాకా లారీకి తేదీ ఇవ్వకండి.