పాపిట కాదు, సుడి చూడాలి

మా అమ్మ, పెద్దమ్మ కవలలు. పద్దెనిమిదో ఏట ఇద్దరూ స్టూడియోకి వెళ్లి తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. ఒకే అంచు చీరలు, రెండేసి జడలు, నవ్వీ నవ్వని ముఖాలు. అమ్మ పోయాక ఆమె ముఖం వరకు పెద్దది చేయించుకుందామనుకుంటే, ఇద్దరిలో అమ్మ ఎవరో తేల్చుకోలేకపోయాను. పెద్దమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, "ఇందులో నేనెవర్నో నాకే తెలీడం లేదురా" అంది.

ఒకే అండం రెండుగా విడిపోయి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒకటే. అయినా కడుపులో ఇద్దరికీ చోటు, పోషణ సమానంగా అందవు. పుట్టాక ఎండ, జబ్బు, దెబ్బలు ఎవరివి వాళ్లవి. అందుకే అచ్చుగుద్దినట్టున్న ముఖాల్లోనూ తేడాలుంటాయి. ఫొటోలో వాటిని పట్టుకోవాలంటే ముందు ఎవరు ఎవరో అనుమానం లేని ఫొటోలు కావాలి, అదీ దగ్గర దగ్గర వయసువి. నాకు ఇద్దరి పెళ్లి ఫొటోలు దొరికాయి. వాటిని పక్కన పెట్టుకుని భూతద్దంతో కూర్చున్నాను.

పాపిట, జడ, బొట్టు లెక్కలోకి రావు. అవి ఆ పూట మనిషి ఇష్టం. జుట్టు నుదుటి మీద ఎక్కడ మొదలవుతుందో, ఏ వైపుకు తిరుగుతుందో అది మాత్రం ఇష్టాన్ని బట్టి మారదు. రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని మన పెద్దవాళ్లు మగపిల్లల తల చూసి అనేవారు కదా, ఆ సుడి కవలల విషయంలో నిజంగానే పనికొస్తుంది. కొందరు కవలలు అద్దంలో బొమ్మల్లా ఉంటారు. ఒకరికి సుడి కుడికి తిరిగితే రెండోవారికి ఎడమకి. మావాళ్లూ అలాంటివాళ్లే. పెళ్లి ఫొటోల్లో అమ్మకు కుడి కణత దగ్గర జుట్టు చిన్న నాలుకలా ముందుకు దిగి ఉంది. పెద్దమ్మకు అదే నాలుక ఎడమ కణత దగ్గర.

స్టూడియో ఫొటోలో చూస్తే, మన ఎడమచేతివైపు నిలుచున్నామెకు కుడి కణత దగ్గర ఉంది. అయితే ఆమే అమ్మ అనుకుని సంతోషపడ్డాను. అంతలో పైట కనిపించింది. ఇద్దరికీ కుడి భుజం మీద ఉంది. మా ఇళ్లలో పైట ఎడమ భుజం మీదే వేస్తారు. అంటే ప్రింటు వేసినప్పుడు నెగటివ్ తిరగబడింది. ఫొటో మొత్తం కుడి ఎడమైపోయింది. మామూలు కవలలైతే ఇందువల్ల కొంత తికమకే. అద్దంలో బొమ్మల్లాంటి కవలలైతే మాత్రం అక్క చెల్లెలవుతుంది, చెల్లెలు అక్కవుతుంది. నేను అమ్మ అనుకున్నామె పెద్దమ్మ. మగవాళ్ల ఫొటోల్లో చొక్కా గుండీపట్టీ, వెనక గోడమీద క్యాలెండరు అక్షరాలు ఈ సంగతి చెబుతాయి. ఫోన్ ముందు కెమెరాతో తీసుకున్నవీ కొన్నిసార్లు ఇలా తిరగబడే సేవ్ అవుతాయి, చూసుకోవాలి.

అందుకే కుడి ఎడమలతో పనిలేని గుర్తు ఇంకొకటి వెతికాను. చెవి. తమ్మెలు కమ్మల బరువుకి సాగిపోతాయి కాబట్టి పై అంచు చూడాలి. అమ్మ చెవుల పై అంచు గుండ్రంగా మడిచినట్టు ఉంటుంది, పెద్దమ్మవి కాస్త చదునుగా. ఫొటోలోనూ అలాగే తేలింది. నవ్వు ఆపుకున్నప్పుడు అమ్మ గడ్డం మీద చిన్న ముడత పడేది. కుడివైపున ఉన్నామె గడ్డం మీద అది ఉంది. అయితే ముఖకవళిక ఒక్క ఫొటోలో ఉంటే చాలదు, నాలుగైదింటిలో కనిపించాలి. అమ్మవి ఆరు ఫొటోల్లో దొరికింది.

పుట్టుమచ్చను కూడా వెంటనే నమ్మకూడదు. నెగటివ్ మీద చిన్న కన్నం పడినా ప్రింటులో నల్లచుక్క వస్తుంది. అదే చోట ఇంకో ఫొటోలోనూ ఉంటేనే అది మచ్చ. చిన్నప్పటి ఫొటోలో లేదు కాబట్టి ఆ మనిషి కాదనుకోవడమూ తప్పే, మచ్చలు తర్వాత కూడా వస్తాయి. ముఖం వెడల్పు ఇంకా మోసం చేస్తుంది. గ్రూపు ఫొటోలో అంచున నిలుచున్నవాళ్ల ముఖాన్ని కొన్ని లెన్సులు సాగదీస్తాయి.

అమెరికాలో ఓహైయో రాష్ట్రంలోని ట్విన్స్‌బర్గ్‌లో ఏటా కవలల ఉత్సవం జరుగుతుంది. 2009, 2010ల్లో నోటర్ డేమ్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడికి వచ్చిన కవలలను ఫొటోలు తీసి, ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. వెలుతురు, ముఖకవళిక ఒకేలా ఉన్నప్పుడు అవి బాగానే చెప్పాయి. అవి మారేసరికి తడబడ్డాయి. మన పాత ఆల్బమ్‌లో ఏ రెండు ఫొటోలూ ఒకే వెలుతురులో తీసినవి కావు.

స్టూడియో ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఇద్దరి పేర్లూ రాశాను, పెన్ను సిరా ముందువైపుకు ఊరుతుందని. ఇంకొకటి మిగిలింది. మూడేళ్ల వయసులో ఇద్దరూ గుండుతో ఉన్నది. జుట్టు లేదు, సుడి లేదు, ఎండకి కళ్లు మూసుకున్నారు. చెవులు మసకబారాయి. దాని వెనక "అమ్మ లేదా పెద్దమ్మ" అని రాసి పెట్టాను.